తామర తగ్గినట్టే తగ్గి మళ్లీ ఎందుకు వస్తుంది? పూత మందు, మాత్ర, స్టిరాయిడ్ క్రీములపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుండ్రంగా, ఎర్రగా వచ్చిన ప్రతి మచ్చా తామరేనా?

కాదు. తామర అంటే చర్మానికి వచ్చే ఒక ఫంగస్ జబ్బు. ఆ మచ్చలో చూడాల్సింది దాని అంచు. అంచు కొంచెం ఉబ్బి, ఎర్రగా ఉంటుంది. దాని మీద సన్నని పొట్టు ఉంటుంది. మధ్య భాగం మాత్రం చదునై, దాదాపు మామూలు చర్మంలా కనిపిస్తుంది. ఫంగస్ మధ్యలో మొదలై బయటికి పాకుతుంది, శరీరం దానిమీద చేసే పోరాటం అంతా ఆ ముందు వరుసలోనే జరుగుతుంది కాబట్టి ఉంగరం ఆకారం వస్తుంది. మచ్చ రోజురోజుకీ పెద్దదవుతూ ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఎగ్జిమాలోనూ గుండ్రటి మచ్చలు వస్తాయి. కానీ అందులో మధ్య భాగం కూడా అంచులాగే ఎర్రగా, పొలుసులతో ఉంటుంది. సోరియాసిస్ పొలుసు మందంగా, వెండి రంగులో ఉంటుంది, మోచేతులు, మోకాళ్ల దగ్గర ఎక్కువ. గజ్జల్లో కాండిడా ఫంగస్ వస్తే పెద్ద మచ్చ చుట్టూ విడివిడిగా చిన్న పొక్కులు ఉంటాయి, వృషణాల సంచి కూడా ఎర్రబడుతుంది. గజ్జల్లో వచ్చే మామూలు తామర సాధారణంగా ఆ సంచి జోలికి పోదు, తొడల లోపలి వైపుకు పాకుతుంది.

కంటికి తేలకపోతే చిన్న పరీక్ష ఉంది. అంచు దగ్గరి పొట్టును బ్లేడు మొద్దు వైపుతో గీకి, గాజు పలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచి మైక్రోస్కోపులో చూస్తారు. చర్మ కణాలు కరిగిపోయి ఫంగస్ దారాలు బయటపడతాయి. ఫలితం అదే రోజు తెలుస్తుంది. పొట్టు మధ్య భాగం నుంచి తీసినా, అంతకుముందు కొన్ని రోజులుగా ఫంగస్ క్రీము రాస్తూ ఉన్నా, జబ్బు ఉండి కూడా పరీక్షలో కనిపించకపోవచ్చు.

ఫంగస్ ఉండేది ఎక్కడ? అది తెలిసి మాకు ఉపయోగమేమిటి?

పూతా మాత్రా అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. తామర తెచ్చే ఫంగస్‌లు కెరాటిన్ తిని బతుకుతాయి. కెరాటిన్ ఉండేది చర్మం పైనున్న మృత కణాల పొరలో, వెంట్రుకలో, గోరులో. ఫంగస్ పై పొరలోనే ఉంటే పూసిన మందు దాన్ని చేరుతుంది. వెంట్రుక కుదుట్లోకో గోరు కిందికో దిగితే పూత మందు అక్కడిదాకా సరిగా పోదు. అప్పుడు మందు రక్తం ద్వారా లోపలి నుంచి రావాలి, అంటే మాత్ర వేసుకోవాలి.

అయితే పూత మందు ఎవరికి చాలు?

ఒకటి రెండు చోట్ల, అరచేయంత విస్తీర్ణంలో, కొత్తగా వచ్చి, స్టిరాయిడ్ తగలని తామరకు పూత చాలు. క్లోట్రిమజోల్ 1 శాతం, మైకొనజోల్ 2 శాతం, కీటోకొనజోల్ 2 శాతం, టెర్బినాఫిన్ 1 శాతం, లులికొనజోల్ 1 శాతం అందరూ వాడేవే. క్లోట్రిమజోల్, మైకొనజోల్ రోజుకు రెండుసార్లు రాయాలి. లులికొనజోల్ రోజుకు ఒక్కసారి చాలు. నిస్టాటిన్ మాత్రం తామరకు పనికిరాదు, అది కాండిడా మందు.

వీటిలో ఏది గొప్పది అన్న చర్చ చాలా నడుస్తుంది. అంతకంటే తేడా తెచ్చేవి ఎంత దూరం పూశారు, ఎన్నాళ్లు పూశారు అన్నవి. మచ్చ అంచు దాటి 2 సెంటీమీటర్ల వరకు, బాగున్నట్టు కనిపించే చర్మం మీద కూడా రాయాలి. ఫంగస్ దారాలు కంటికి కనిపించే అంచు కంటే ముందే ఉంటాయి. మచ్చ పూర్తిగా పోయాక మరో రెండు వారాలు ఆపకుండా రాయాలి. దురద సాధారణంగా వారంలోపే తగ్గుతుంది. అక్కడ ఆపేసిన వాళ్లే మళ్లీ వచ్చిందంటారు. నిజానికి అది పోయి ఉండదు.

ఒక ట్యూబు నెల రోజులు వస్తోంది. సరిపోతోందా?

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. చూపుడు వేలి చివరి గీత నుంచి కొన వరకు ట్యూబు నుంచి పిండిన క్రీము సుమారు అర గ్రాము. వేళ్లతో కలిపి రెండు అరచేతులంత చర్మానికి అది సరిపోతుంది.

ఇప్పుడు రెండు గజ్జల్లోనూ తామర ఉందనుకోండి. అంచు దాటి పూసే భాగంతో కలిపి ఒక్కో వైపు రెండు అరచేతులంత. నడుము చుట్టూ మరో రెండు అరచేతులంత. మొత్తం ఆరు. ఒక పూటకు ఒకటిన్నర గ్రాములు, రోజుకు రెండుసార్లు కాబట్టి 3 గ్రాములు. 15 గ్రాముల ట్యూబు ఐదు రోజుల్లో అయిపోవాలి. నాలుగు వారాలకు 84 గ్రాములు, అంటే దాదాపు ఆరు ట్యూబులు కావాలి.

ఇంత విస్తీర్ణానికి ఒకే చిన్న ట్యూబు నెలంతా వచ్చిందంటే అవసరమైన దానిలో ఆరో వంతే పూశారన్నమాట. ‘ఈ మందు నాకు పనిచేయలేదు’ అనే ముందు ఈ లెక్క ఒకసారి సరిచూసుకోండి. అన్ని ట్యూబులు పూయాల్సి వస్తోందంటే అసలు మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడాల్సిన స్థితి వచ్చిందనే అర్థం.

షాపులో ఇచ్చిన క్రీము రాస్తే రెండు రోజుల్లో దురద, ఎరుపు పోయాయి. అది పనిచేసినట్టే కదా?

ఏదో ఒకటి తగ్గింది, కానీ తగ్గింది ఫంగస్ కాదు. దురద, ఎరుపు, ఉబ్బిన అంచు ఫంగస్ నేరుగా చేసేవి కావు, ఫంగస్ మీద మన శరీరం చేసే ప్రతిచర్య. షాపులో ఇచ్చే ఇలాంటి క్రీముల్లో తరచుగా ఉండే స్టిరాయిడ్ ఆ ప్రతిచర్యను అణిచేస్తుంది. అందుకే రెండో రోజుకే హాయిగా ఉంటుంది. దొంగ లోపలే ఉండగా కుక్క నోరు కట్టేస్తే ఇల్లు ప్రశాంతంగానే ఉంటుంది.

అడ్డుకునేది లేక ఫంగస్ పక్కకు వేగంగా పాకుతుంది. వెంట్రుక కుదుళ్ల వెంట లోపలికి కూడా దిగుతుంది. క్రీము ఆపిన వారం పది రోజుల్లో అణిగి ఉన్న ప్రతిచర్య ఒక్కసారిగా మేలుకుంటుంది, ఈసారి అంతకుముందు కంటే పెద్ద ప్రాంతంలో. మనిషి మళ్లీ అదే ట్యూబు తెస్తాడు, మళ్లీ రెండు రోజుల్లో హాయి. ఈ చక్రం నెలల తరబడి తిరుగుతుంది. మందు పనిచేస్తోందన్న నమ్మకం కూడా ప్రతి చుట్టుకూ పెరుగుతుంది. ఈ జబ్బులో అసలు చిక్కు ఇదే.

ఆ క్రీములో ఫంగస్ మందు కూడా ఉంది. రెండూ కలిసి పనిచేయవా?

కలిపి అమ్మే క్రీములను వెనకేసుకొచ్చే వాళ్ల వాదన ఇదే. పైకి సబబుగానే వినిపిస్తుంది. కానీ ఆ రెండు మందుల గడువులు కలవవు. ఫంగస్ మందు కనీసం రెండు నుంచి నాలుగు వారాలు పూయాలి. క్లోబెటసాల్ లాంటి బలమైన స్టిరాయిడ్‌ను గజ్జల్లో అన్నాళ్లు పూయకూడదు. గడువు మేరకు పూస్తే చర్మం పాడవుతుంది. దురద తగ్గగానే మూడో రోజున ఆపితే ఫంగస్ చావదు. ఒకే ట్యూబులో ఉన్నాక ఒకదాన్ని ఆపి రెండోదాన్ని కొనసాగించే దారి లేదు.

మరీ మంటగా ఉన్న తామరలో డాక్టరు తేలికపాటి స్టిరాయిడ్‌ను కొద్ది రోజులు మాత్రమే ఇచ్చి, ఫంగస్ మందును విడిగా కొనసాగించే సందర్భాలు అరుదుగా ఉంటాయి. సొంతంగా కొనుక్కోవడానికి అది ఆసరా కాదు.

స్టిరాయిడ్ చెడ్డ మందని కూడా అనుకోవద్దు. ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు అది చాలా మంచి మందు. తామర మీద పడటమే తప్పు.

నా ట్యూబులో స్టిరాయిడ్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

పైన పెద్దక్షరాల్లో ఉన్న బ్రాండు పేరు వదిలేసి, కింద చిన్నక్షరాల్లో ఉన్న మందుల పేర్లు చదవండి. క్లోబెటసాల్, హాలోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్, డెక్సామెథసోన్, ఫ్లూసినోలోన్, ట్రయామ్సినోలోన్, హైడ్రోకార్టిసోన్ అన్నీ స్టిరాయిడ్లే. ‘సోన్’, ‘లోన్’, ‘టసాల్’ అని ముగిసే పేరు కనిపిస్తే అనుమానించి అడగండి. ఫంగస్ మందుల పేర్లు ఎక్కువగా ‘జోల్’ అని ముగుస్తాయి. టెర్బినాఫిన్ లాంటివి కొన్ని అలా ఉండవు. ఒకే ట్యూబులో మూడు నాలుగు మందులు, అందులో ఒక యాంటీబయాటిక్ కూడా ఉంటే సాధారణంగా స్టిరాయిడ్ కూడా దొరుకుతుంది. బ్రాండు పేరు చివర ఒక అక్షరం మారితే లోపలి మందే మారిపోవచ్చు. గతంలో మంచిది వాడాం కదా అని అలవాటుగా తీసుకోకండి.

స్టిరాయిడ్ పడిన తామర ఎలా ఉంటుంది?

డాక్టర్లకే మోసం జరిగేలా ఉంటుంది. 1968లోనే దీనికి మారువేషంలో ఉన్న తామర అనే అర్థంలో ‘టీనియా ఇన్‌కాగ్నిటో’ అని పేరు పెట్టారు. స్పష్టమైన అంచు చెరిగిపోతుంది, పొట్టు తక్కువవుతుంది, మచ్చ గోధుమ రంగుకు తిరుగుతుంది. వాడుతూ ఆపుతూ ఉన్న చోట ఉంగరంలో ఉంగరం కనిపిస్తుంది. ప్రతి విరామంలో కొత్త అంచు ఒకటి పుట్టి పాతదాని వెంట పాకడం వల్ల అలా వస్తుంది. వెంట్రుకల మొదళ్లలో చిన్న గట్టి గడ్డలు, చీము పొక్కులు ఉంటే ఫంగస్ లోపలికి దిగిందని అర్థం. మామూలుగా వదిలేసే జననాంగాల మీదికి కూడా ఇప్పుడు పాకవచ్చు.

చర్మానికి జరిగే నష్టం వేరే. గజ్జల్లో చర్మం పలుచన కాబట్టి స్టిరాయిడ్ అక్కడ ఎక్కువగా ఇంకుతుంది. కొన్ని వారాల్లోనే తొడల లోపలి వైపు ఎర్రటి చారలు పడవచ్చు. అవి క్రమంగా తెల్లబడతాయే గానీ పూర్తిగా పోవు. తామర నయమయ్యాక కూడా మిగిలేవి ఇవే.

ఒక ఉదాహరణ చెప్తారా?

చెప్దాం. వైద్యం చేసేవారికి తరచూ ఎదురయ్యే తరహా మనిషిని ఊహించుకుందాం. వయసు 34. మొదట కుడి గజ్జలో రూపాయి బిళ్లంత మచ్చ. క్లోబెటసాల్ కలిసిన క్రీము నాలుగు రోజులు రాశాడు, పోయింది. పది రోజులకు మళ్లీ వచ్చింది, మళ్లీ రాశాడు. మూడు నెలలు ఇలాగే గడిచాక రెండు తొడలు, నడుము బెల్టు తగిలే వరస, ఒక పిరుదు నిండా మచ్చలు. వెంట్రుకల దగ్గర పొక్కులు. తొడ లోపల రెండు ఎర్ర చారలు. ఇంట్లో భార్యకూ దురద మొదలైంది.

మొదటి పని పొట్టు పరీక్ష. స్టిరాయిడ్ వాడిన మచ్చలో ఫంగస్ దారాలు చాలాసార్లు గుంపులుగా కనిపిస్తాయి. రెండో పని ఆ ట్యూబు ఆపేయడం. మూడోది కాళ్లు చూడటం. కాలివేళ్ల సందుల్లో ఫంగస్ ఉంటే లోదుస్తు కాళ్ల మీదుగా ఎక్కించేటప్పుడు అది గజ్జల్లోకి చేరుతుంది. అలాంటివాళ్లు ముందు సాక్సు వేసుకుని తర్వాత లోదుస్తు వేసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది.

మచ్చలు చాలా చోట్ల ఉన్నాయి, వెంట్రుకల్లోకి దిగాయి, స్టిరాయిడ్ పడింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా మాత్ర గురించి ఆలోచిస్తారు, ఇతనికి మూడూ ఉన్నాయి. కాబట్టి మాత్ర, దానితోపాటు స్టిరాయిడ్ లేని పూత. మామూలు తామరకు మాత్ర రెండు నుంచి నాలుగు వారాలు ఇస్తారు. ఇలాంటి వాటికి ఆ గడువు చాలక నాలుగు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. భార్యను కూడా పరీక్షించి, ఉంటే ఒకేసారి వైద్యం మొదలుపెట్టాలి. లేకపోతే ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూనే ఉంటుంది.

స్టిరాయిడ్ ఆపగానే దురద భరించలేనంత పెరిగింది. కొత్త మందు పడలేదా?

ఇది ముందే చెప్పి ఉంచాల్సిన విషయం, చెప్పకపోవడం వల్లే చాలామంది మళ్లీ పాత ట్యూబుకు వెళ్తారు. అణిగి ఉన్న ప్రతిచర్య తిరిగి రావడం వల్ల మొదటి వారం రెండు వారాలు ఎరుపు, దురద పెరుగుతాయి. ఆ రోజుల్లో చల్లని తడిగుడ్డ పది నిమిషాలు వేయడం, డాక్టరు రాసిన సెటిరిజిన్ లాంటి దురద మాత్ర, వదులైన బట్టలు ఉపశమనం ఇస్తాయి.

ఒక జాగ్రత్త ఉంది. బలమైన స్టిరాయిడ్‌ను చాలా నెలలుగా ఒంటి మీద పెద్ద భాగంలో పూసినవాళ్లు, లేదా స్టిరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఒక్కసారిగా ఆపకూడదు. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టిరాయిడ్ తగ్గిపోయి నీరసం, కళ్లు తిరగడం, వాంతులు రావచ్చు.

మాత్రల్లో ఏది మంచిది?

ఎక్కువగా వాడేవి రెండు. టెర్బినాఫిన్ పెద్దలకు సాధారణంగా రోజుకు 250 మిల్లీగ్రాములు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వరు. కొందరికి నోటి రుచి పోతుంది, మందు ఆపాక సాధారణంగా తిరిగి వస్తుంది, కానీ వారాలు పట్టవచ్చు.

ఇట్రాకొనజోల్ పెద్దలకు రోజుకు 100 నుంచి 200 మిల్లీగ్రాములు. దీని క్యాప్సూల్ ఒంటికి పట్టాలంటే కడుపులో యాసిడ్ ఉండాలి, అందుకే కడుపునిండా తిన్న వెంటనే వేసుకోవాలి. యాసిడ్‌ను తగ్గించే గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లలో ఇది సగం కూడా పట్టకపోవచ్చు. ‘క్యాప్సూల్ వాడినా తగ్గలేదు’ అన్నవాళ్లను మొదట అడగాల్సింది పొద్దున్నే పరగడుపున వేసే గ్యాస్ మాత్ర గురించే. గుండె బలహీనత ఉన్నవాళ్లకు ఇట్రాకొనజోల్ ఇవ్వకూడదు. సిమ్వాస్టాటిన్ లాంటి కొలెస్టరాల్ మందులతో కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. మీరు వాడే మందులన్నీ చీటీ రాసి డాక్టరుకు చూపండి. వారాల తరబడి వాడాల్సి వస్తే రక్తంలో కాలేయ పరీక్ష చేయిస్తారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా మాత్ర ఆపి వెంటనే చూపించుకోవాలి.

కీటోకొనజోల్ క్రీము, షాంపూ మంచివే. అదే పేరుతో ఉన్న మాత్ర తామరకు వద్దు, కాలేయానికి తీవ్రమైన హాని చేయగలదు. గర్భిణులకు మాత్రలు సాధారణంగా వాయిదా వేసి, క్లోట్రిమజోల్ లాంటి పూతతో నెట్టుకొస్తారు.

పిల్లల తలలో వస్తే?

జుట్టు తునిగి, పొట్టుతో గుండ్రటి బోడి మచ్చ పడితే క్రీముతో కాలయాపన చేయకండి. ఫంగస్ వెంట్రుక లోపల ఉంటుంది, మాత్ర తప్పనిసరి. గ్రిసియోఫుల్విన్ గానీ టెర్బినాఫిన్ గానీ పిల్లల బరువును బట్టి ఇస్తారు. కీటోకొనజోల్ షాంపూ ఇతరులకు అంటకుండా తోడ్పడుతుంది, ఒక్కటే నయం చేయదు. గోళ్లకు కూడా దాదాపు ఇదే సూత్రం. టెర్బినాఫిన్ చేతి గోళ్లకు 6 వారాలు, కాలి గోళ్లకు 12 వారాలు.

బట్టల విషయంలో ఏం చేయాలి?

తువ్వాలు, లోదుస్తులు ఎవరివి వారికే. వాటిని 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి, పూర్తిగా ఆరాకే వేసుకోవాలి. స్నానం తర్వాత గజ్జలు బాగా ఆరాక క్రీము రాయాలి. మచ్చల మీద గొరిగితే గాట్ల గుండా ఫంగస్ కుదుళ్లలోకి పోతుంది.

నల్ల మచ్చ మిగిలింది. ఇంకా మందు రాయాలా?

దురద లేకుండా, వేలితో తడిమితే నున్నగా, అంచు గానీ పొట్టు గానీ తగలకుండా ఉంటే అది రంగు మాత్రమే. పోవడానికి నెలలు పడుతుంది, ఫంగస్ మందు రాసినా త్వరగా పోదు. రంగు పోవాలని స్టిరాయిడ్ కలిసిన తెల్లబరిచే క్రీము రాయడం మొదలుపెడితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

అన్నీ సరిగా వాడినా నాలుగు వారాల్లో తగ్గకపోతే?

మాత్ర పూటలు తప్పాయా, పూత చాలినంత పూశారా, ఇంట్లో ఎవరికైనా ఉండిపోయిందా అని ముందు చూస్తారు. అవన్నీ సరిగ్గా ఉంటే పొట్టు పరీక్ష మళ్లీ చేసి, ఫంగస్‌ను ప్రయోగశాలలో పెంచి చూస్తారు. కొన్నేళ్లుగా ట్రైకోఫైటన్ ఇండోటినియే అనే రకం వ్యాపిస్తోంది. దీనిలో చాలా వాటికి టెర్బినాఫిన్ తగిలే ఎంజైమే మారిపోయి ఉంటుంది కాబట్టి ఆ మాత్ర ఎన్నాళ్లు వేసినా ఫలితం ఉండకపోవచ్చు. అప్పుడు ఇట్రాకొనజోల్‌కు మారుస్తారు. అలా వెళ్లేటప్పుడు ఇంతవరకు వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి సహా, చేతిలో పట్టుకెళ్లండి. ఏది ఎన్ని రోజులు వాడారో వాటి మీద రాసిపెట్టి ఉంటే ఇంకా మంచిది.